ఎనిమిదేళ్ల మేనల్లుడికి తలసేమియా: అక్క ఇచ్చే మూలుగ ఎక్కించడానికి 4,95,000 రూపాయలు కావాలి

బాబు వయసు 8 ఏళ్లు, బరువు 21 కిలోలు. ఊరు గుంటూరు, కొత్తపేట. పుట్టిన ఏడో నెలలోనే బీటా తలసేమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారవని జబ్బు అని తేలింది. అప్పటి నుంచీ మూడు వారాలకోసారి ఒక యూనిట్ రక్తం ఎక్కించాల్సిందే. ఎక్కించిన రక్తంతో వచ్చే ఐరన్ బయటికి పోదు, గుండెలోనూ లివర్‌లోనూ పేరుకుంటుంది. నవంబరు పరీక్షలో ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్ 2,140 వచ్చింది. 1,000 దాటితేనే ఎక్కువని లెక్క.

పదకొండేళ్ల అక్కకి, మూలుగ సరిపోతుందో లేదో చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయిస్తే పదికి పది కలిసింది. తోబుట్టువుల్లో ఇలా కలిసే అవకాశం నాలుగింట ఒకటే. అందుకే బోన్ మ్యారో మార్పిడికి వెల్లూరు సీఎంసీలో 2026 ఫిబ్రవరి 9న చేర్చుకుంటామన్నారు. పాపకి మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి సుమారు 210 నుంచి 315 మి.లీ. మూలుగ తీస్తారు. కోత ఉండదు, సూదితోనే. తీసిన మూలుగ బాబుకి రక్తం లాగానే నరంలోకి ఎక్కుతుంది.

డబ్బు లెక్క ఇది. ఆస్పత్రి అంచనా 15,00,000. ఇందులో 2,50,000 ఇన్‌ఫెక్షన్లు, కొత్త మూలుగ ఒంటి మీద తిరగబడటం లాంటివి వస్తే వాడటానికి ముందుగా కట్టించుకునే సొమ్ము. డిశ్చార్జి అయ్యాక కూడా ఆస్పత్రి దగ్గరే ఉండాలి కాబట్టి అయిదు నెలల గది అద్దె 60,000. సైక్లోస్పోరిన్, ఫంగస్ మందులు ఆరు నెలలకి 90,000. మొత్తం 16,50,000.

కోల్ ఇండియా నడిపే తలసేమియా బాల్ సేవా యోజన కింద 10,00,000 మంజూరైంది. అది నేరుగా ఆస్పత్రికే వెళ్తుంది. బాబు నాన్నగారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా, జీతం నెలకు 16,000. బంగారం తాకట్టు మీద 1,10,000, చీటీ పాడి 70,000 తెచ్చారు. మిగిలింది 4,70,000. ఈ పేజీ రుసుము, గేట్‌వే కోత కలిపి వెయ్యికి 50 పోతాయి. అందుకే 4,95,000 అడుగుతున్నాం. ముఖ్యమంత్రి సహాయ నిధికీ దరఖాస్తు పెట్టాం. ఏమైనా వస్తే అంత మేర లక్ష్యం అదే రోజు తగ్గిస్తాం.

వైద్యులు చెప్పిన రిస్కు దాచకుండా చెబుతాం. కొత్త మూలుగ పట్టకపోవచ్చు, అప్పుడు జబ్బు తిరిగొస్తుంది. పట్టిన మూలుగే ఒంటి మీద తిరగబడొచ్చు, దాన్నే జీవీహెచ్‌డీ అంటారు. మార్పిడి తర్వాత తెల్లకణాలు లేని రెండు మూడు వారాల్లో చిన్న ఇన్‌ఫెక్షనైనా ప్రాణం మీదికి తెస్తుంది. నిరుడు నాలుగు నెలలు ఐరన్ తగ్గించే మాత్రలు సరిగా వేయలేదు. ఆ కారణంగా రిస్కులో బాబుని క్లాస్ 2 అన్నారు. క్లాస్ 3 కాకముందే చేయించాలన్నది వైద్యుల మాట, మా తొందర కూడా అందుకే.

కింద జతచేసినవి: ఆస్పత్రి ముద్రతో ఉన్న అంచనా పత్రం, ఇద్దరి హెచ్‌ఎల్‌ఏ రిపోర్టులు, ఫెరిటిన్ రిపోర్టు, మంజూరు ఉత్తర్వు, తాకట్టు రసీదు. ఆధార్ నంబర్లు, పిల్లల పేర్లు నల్లగా కొట్టేశాం. పిల్లల ముఖాలు ఇంటర్నెట్‌లో పెట్టడం మాకు ఇష్టం లేదు. ఆస్పత్రిలో బాబుకిచ్చిన రోగి నంబరు మాత్రం అంచనా పత్రం మీద కనిపిస్తుంది. సరిచూసుకోవాలంటే సీఎంసీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న ఫోన్ నంబరుకే చేసి, రోగి నంబరు చెప్పి అడగండి. మేమిచ్చే నంబరు మీద ఆధారపడొద్దు.

ఆస్పత్రి వాటా 3,20,000 పేజీ నుంచి ఆస్పత్రి ఖాతాకే పోతుంది, మా చేతికి రాదు. అద్దె, మందుల సొమ్ము 1,50,000 బాబు అమ్మగారి ఖాతాకి మూడు విడతలుగా వస్తుంది. ముందు విడత బిల్లులు పెట్టాకే తర్వాతది. ప్రతి 15 రోజులకి బిల్లులు ఇక్కడ పెడతాం. మార్పిడి ఆగిపోయినా, డబ్బు మిగిలినా, ఎవరెంత ఇచ్చారో ఆ నిష్పత్తిలో వెనక్కి పంపుతాం. ఒక మనిషి కోసం ఇచ్చే విరాళం కాబట్టి 80జీ పన్ను మినహాయింపు రాదు.

ఈ పేజీలోని బటన్ తప్ప మాకు వేరే యూపీఐ, క్యూఆర్ కోడ్ లేవు. వాట్సాప్‌లో బాబు పేరు మీద ఏదైనా కోడ్ వస్తే దానికి డబ్బు పంపకండి, ఈ పేజీ కింద ఉన్న ‘ఫిర్యాదు’ నొక్కండి.

డబ్బు కాకుండా మరో సాయం ఉంది. చేరేలోపు గుంటూరులో ఇంకా మూడుసార్లు రక్తం ఎక్కించాలి. బాబుది బి పాజిటివ్. ఇవ్వగలిగినవాళ్లు కింద సందేశం పెడితే తేదీ చెబుతాం. బంధువులు మాత్రం దయచేసి ఇవ్వొద్దు, రక్తసంబంధీకుల రక్తం ముందే ఎక్కితే అక్క మూలుగని ఒళ్లు తిప్పికొట్టే ప్రమాదం పెరుగుతుంది. ఆస్పత్రిలో డబ్బు జమ కావాల్సిన ఆఖరి తేదీ ఫిబ్రవరి 2.