ఆహ్వానం: సెప్టెంబర్ 5, శనివారం రాత్రి 7 గంటలకు 'మిల్లు లెక్క' కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల, ఆన్‌లైన్‌లో

మా కస్టమర్లయిన రైస్ మిల్లు యజమానులకు, మేనేజర్లకు, గుమస్తాలకు

నమస్కారం.

పోయిన యాసంగిలో ఒక రోజు రాత్రి పదకొండు దాటాక మా ఆఫీసుకు ఫోన్ వచ్చింది. చేసింది మిర్యాలగూడ దగ్గర ఒక మిల్లు గుమస్తా. కొనుగోలు కేంద్రం నుంచి వచ్చిన ట్రక్ షీట్ మీద 462 సంచులు అని ఉంది. సంచికి 40 కిలోల చొప్పున 18,480 కిలోలు రావాలి. కాటా చిట్టీలో మాత్రం 18,310 వచ్చింది. 170 కిలోల తేడా ఎక్కడ పడ్డదో తేలక ఆయన మూడు గంటలు కాగితాలు తిరగేశారు. గేటు బయట ఇంకో నాలుగు లారీలు ఆగి ఉన్నాయి, హమాలీలు భోజనం కూడా చేయకుండా కూర్చున్నారు. ఆయన మమ్మల్ని అడిగింది ఒక్కటే: "సార్, ఈ తేడా లారీ కాటా ఎక్కినప్పుడే కనబడితే ఎంత బాగుండేది?"

ఆ మాట మీదనే ఈ సాఫ్ట్‌వేర్ మొదలైంది. 'మిల్లు లెక్క' తయారైంది, వానాకాలం ధాన్యం దిగకముందే మీ చేతికి అందాలన్నది మా పట్టుదల. మొట్టమొదట మీకే చూపించాలని ఈ ఆన్‌లైన్ సమావేశం పెడుతున్నాం. మీరు తప్పకుండా రావాలి. మీతోపాటు మీ గుమస్తాను, కాటా ఆపరేటర్‌ను కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది. రేపు దాన్ని రోజంతా వాడేది వాళ్లే.

ఎప్పుడు: 2026 సెప్టెంబర్ 5, శనివారం
సమయం: రాత్రి 7:00 నుంచి 8:45 వరకు, భారత కాలమానం
ఎక్కడ: జూమ్‌లో. ఫోన్‌లో చూడొచ్చు, కంప్యూటర్‌లోనూ చూడొచ్చు
భాష: పూర్తిగా తెలుగు
ఫీజు: ఏమీ లేదు

మన మిల్లుల లెక్కలు చూసే పిల్లలు, అన్నదమ్ములు చాలామంది బయటి దేశాల్లో ఉన్నారు. దుబాయ్‌లో ఉండి బియ్యం కొనేవాళ్లూ కొందరు వస్తామన్నారు. అందుకే వాళ్ల టైమ్ కూడా రాస్తున్నాం. మన 7 గంటలు అంటే దుబాయ్‌లో సాయంత్రం 5:30, లండన్‌లో మధ్యాహ్నం 2:30, న్యూజెర్సీలో శనివారం ఉదయం 9:30, డాలస్‌లో ఉదయం 8:30, సింగపూర్‌లో రాత్రి 9:30. అమెరికాలో, లండన్‌లో ఇప్పుడు వేసవి టైమ్ నడుస్తోంది, ఈ లెక్క దాని ప్రకారమే వేశాం. చలికాలంలో మీరు మాట్లాడుకునే టైమ్‌తో పోల్చి చూస్తే గంట తేడా వస్తుంది, కంగారు పడొద్దు. మీ వాళ్లకు ఈ ఉత్తరం అలాగే పంపేయండి.

ఆ రోజు ఏం చూపిస్తాం

7 గంటలకు మొదలుపెట్టి పది నిమిషాల్లో పరిచయాలు ముగిస్తాం. 7:10కి నేరుగా ఒక మిల్లు గేటు దగ్గరికి వెళ్తాం. ముందే తీసిన వీడియో కాదు, అప్పుడే కాటా మీదికి ఎక్కే లారీని చూపిస్తాం. కాటా ఇండికేటర్ నుంచి కేబుల్ ద్వారా బరువు కంప్యూటర్‌లోకి దానంతటదే వస్తుంది, ఎవరూ టైప్ చేయనక్కర్లేదు. లోడు బండి బరువు, ఖాళీ బండి బరువు రెండూ పడగానే నికరం వస్తుంది. ట్రక్ షీట్‌లోని సంచుల లెక్కతో సరిపోకపోతే తెర మీద ఎర్ర గీత కనబడుతుంది. లారీ ఇంకా మన ఆవరణలో ఉండగానే డ్రైవర్‌ను, కేంద్రాన్ని అడిగి తేల్చుకోవచ్చు. తేమ శాతం కూడా అక్కడే నమోదవుతుంది. 17 దాటితే చిట్టీ మీద విడిగా అచ్చవుతుంది. ఈ భాగానికి 35 నిమిషాలు ఇచ్చాం. మన గొడవల్లో సగం పుట్టేది కాటా దగ్గరే కదా.

7:45కి సీఎంఆర్ లెక్కలు. పచ్చి బియ్యానికి 67 శాతం, ఉప్పుడు బియ్యానికి 68 శాతం ఇవ్వాలని మీకు తెలిసిందే. 290 క్వింటాళ్ల పచ్చి బియ్యం అప్పజెప్పాలంటే దాదాపు 433 క్వింటాళ్ల ధాన్యం లెక్క చూపాలి. అదే ఉప్పుడు బియ్యమైతే సుమారు 426.5 క్వింటాళ్లు చాలు. ఒకే మిల్లులో రెండు రకాలూ ఆడిస్తే ఆ ఆరున్నర క్వింటాళ్లు ఏ ఖాతాలోంచి పోతున్నాయో చేతి పుస్తకంలో పట్టుకోవడం కష్టం. 'మిల్లు లెక్క'లో రెంటికీ వేరు వేరు ఖాతాలు. ప్రభుత్వానికి ఎంత ఇచ్చారు, ఎంత బాకీ ఉంది, గోదాంలో ఎంత ధాన్యం ఉండాలి, ఈ మూడూ ఒకే చోట కనబడతాయి. తనిఖీకి వచ్చినప్పుడు గోదాం తాళంతోపాటు ఈ ఒక్క కాగితం తీసిస్తే చాలు. నూక, తవుడు, ఊక అమ్మకాలు కూడా ఇందులోనే రాసుకోవచ్చు.

8:05కి ధర చెబుతాం. ఇప్పటికే మా పాత సాఫ్ట్‌వేర్ వాడుతున్నవాళ్లకు మార్పిడి ఖర్చు ఉండదు, గత రెండు సీజన్ల డేటా మేమే ఎక్కించి ఇస్తాం. ఆ తర్వాత నెట్ పోయినా పని ఆగకుండా ఎలా నడుస్తుందో చూపిస్తాం. హాలియా, నేరేడుచర్ల, వనపర్తి వైపు నుంచి మాకు ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఇదే.

8:20 నుంచి 8:45 వరకు మీ ప్రశ్నలు. మొహమాటం లేకుండా అడగండి. ప్రశ్న ముందే పంపితే మీ మిల్లు లెక్కలతోనే జవాబు సిద్ధం చేసుకుని వస్తాం.

నమోదు చేసుకోవడం ఎలా

ఈ ఉత్తరం కింద ఉన్న 'నమోదు' బటన్ నొక్కి మీ పేరు, మిల్లు పేరు, ఊరు, వాట్సాప్ నంబరు ఇవ్వండి. రెండు నిమిషాల పని. అది కుదరకపోతే ఈ ఉత్తరానికే 'వస్తాను' అని జవాబు రాయండి, మిగతాది మేం చూసుకుంటాం. మీ బిల్లు మీద ఉన్న ఆఫీసు నంబరుకు ఫోన్ చేసినా నమోదు చేస్తాం. ఆఖరు గడువు సెప్టెంబర్ 3, గురువారం సాయంత్రం 6 గంటలు. ఒక మిల్లు నుంచి ముగ్గురి దాకా విడివిడిగా చేరొచ్చు, అయితే ముగ్గురి పేర్లూ ఇవ్వాలి.

నమోదైనవాళ్లకు శుక్రవారం ఉదయం వాట్సాప్‌లో లింకు, పాస్‌కోడ్ వస్తాయి. శనివారం 6 గంటలకు మళ్లీ ఒకసారి గుర్తు చేస్తాం. 6:45 నుంచే తలుపులు తెరిచి ఉంటాయి, కాస్త ముందే వచ్చి మీ మాట వినబడుతోందో లేదో చూసుకోండి.

నెట్ సరిగా అందని మిల్లుల వాళ్లు మిర్యాలగూడ సాగర్ రోడ్డులోని మా ఆఫీసుకు వచ్చి పెద్ద తెర మీద చూడొచ్చు. నలభై మందికి కుర్చీలు వేస్తున్నాం, టీ కూడా ఉంటుంది. వచ్చేవాళ్లు నమోదులో ఆ గడి టిక్ చేయండి. ఆ రోజు వీలుపడని వాళ్లు కూడా నమోదు చేసుకుంటే సోమవారం రికార్డింగ్ పంపుతాం.

ఆ రాత్రి ఫోన్ చేసిన గుమస్తా గారు కూడా ఈ సమావేశంలో ఉంటారు. నెల రోజులుగా ఆయన మిల్లులోనే దీన్ని వాడి చూస్తున్నాం. 7:10కి మీరు చూడబోయే కాటా ఆయనదే.

మీ రాక కోసం ఎదురుచూస్తూ,

'మిల్లు లెక్క' సాఫ్ట్‌వేర్ బృందం
సాగర్ రోడ్డు, మిర్యాలగూడ, నల్గొండ జిల్లా