వనామి రొయ్యల గుంటలో రాత్రి ఆక్సిజన్: ప్రశ్న–జవాబు ప్రతి

ఇందుకూరుపేట మండలంలో గుంట గట్టు మీద రికార్డు చేసిన సంభాషణ ఇది. ‘వి’ విలేకరి, ‘రై’ రైతు, ‘టె’ టెక్నీషియన్. ముడి ప్రతిలో రైతునీ టెక్నీషియన్‌నీ ‘స్పీకర్ 2’ కిందే కలిపేశారు. గొంతులు విని విడదీశాం. ప్రతి వాక్యం ముందూ ఉన్న `00:04:12,380` లాంటి సమయాల్లో ప్రశ్న మొదలైన చోటివే ఉంచి, మిల్లీసెకన్లు తీసేశాం. రెండో ఫైలు మళ్లీ సున్నా నుంచి మొదలైంది గనుక అక్కడి సమయాలకు మొదటి ఫైలు నిడివి 19:52 కలిపాం. ‘ఆఁ’, ‘అదేంది’ లాంటి ఊతపదాలు తీసేశాం. యాసనూ అంకెలనూ ముట్టుకోలేదు.

[04:12] వి: అన్నా, రాత్రిపూటే ఎందుకంత భయం?

రై: పగలు ఎండకి ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారు చేస్తాది. పొద్దు గూకినాక అదే ప్లాంక్టన్ రొయ్యతో పాటు పీల్చుకుంటాది. తెల్లారుజామున బాగా పడిపోతాది. లీటరుకి 4 మిల్లీగ్రాముల కన్నా తగ్గనీకూడదు. [ముందు ‘రెండు’ అని, వెంటనే ‘నాలుగు’ అని సరిచేశారు.]

[07:36] వి: ఏరేటర్లు సాయంత్రం నుంచే వేస్తారా?

రై: రొయ్య చిన్నప్పుడు అర్ధరాత్రి దాటినాక చాలు. పెరిగేకొద్దీ చీకటి పడతానే వెయ్యాల. కరెంటు పోయినాక డీజిలు కోసం పరిగెత్తితే కుదరదు, జనరేటర్లో ముందే పోసిపెట్టుకోవాల. రొయ్యలు పైకొచ్చి అంచులెంబడి తిరగతా ఉంటే అప్పటికే ఆలస్యమైనట్టు. [మోటారు మోత: 08:51–08:55 వినబడలేదు.]

[12:20] వి: మేతకీ దీనికీ సంబంధముందా?

రై: చానా ఉండాది. మిగిలిన మేత అడుగున కుళ్లి, ఉన్న ఆక్సిజన్ని తినేస్తాది.

టె: అందుకే చెక్ ట్రేలు. మేత చల్లేటప్పుడే ట్రేలో కొంచెం వేసి, రెండు గంటల్లోపు పైకి తీసి చూడాలి. మేత మిగిలితే తర్వాతి పూట తగ్గించాలి. ఒక్క ట్రే చూసి నిర్ణయించకూడదు. ఏరేటరుకు దగ్గర, దూరంగా వేర్వేరు చోట్ల పెట్టాలి.

[23:10] వి: మబ్బు పట్టి వాన పడితే?

రై: ఎండ లేకపోతే పగలు కూడా ఏరేటర్లు ఆడాల. మేత తగ్గించాల.

టె: వాననీళ్లు తేలిక, పైన నిలుస్తాయి. ఉప్పునీళ్లు కింద ఉండిపోతాయి. ఆ పొరలు కలవకపోతే అడుగుకు ఆక్సిజన్ అందదు. రొయ్య తిరిగేది అడుగునే. వాన తగ్గాక పీహెచ్ చూసి, పడిపోయుంటేనే సున్నం చల్లాలి.

[25:47] వి: మేత మళ్లీ ఎప్పుడు పెంచుతారు?

రై: ట్రేలు ఖాళీ అయితేనేబ్బా. ఎండొచ్చింది గదా అని ఒక్కసారే పెంచేది లేదు.