కొనుగోళ్ల నిర్వహణ: ట్యుటోరియల్ ప్రశ్న, మాదిరి జవాబు

ప్రశ్న (20 మార్కులు)

హైదరాబాద్ బాలానగర్‌లోని ఒక పంపుసెట్ల యూనిట్‌కు ఏడాదికి 9,000 షాఫ్టులు కావాలి. ఇప్పుడు కోయంబత్తూరు నుంచి ఒక్కోటి రూ.310కి తెప్పిస్తోంది. లారీ కిరాయి రూ.14, తనిఖీ ఖర్చు రూ.6 అదనం. సొంతంగా చేస్తే ఒక్కో షాఫ్టుకు స్టీలు కడ్డీ రూ.168, టూల్స్, కరెంటు రూ.30, బయట గ్రైండింగ్ జాబ్‌వర్కుకు రూ.22 అవుతాయి. సీఎన్‌సీ లేత్ ధర రూ.24 లక్షలు, 8 ఏళ్ల ఆయుష్షు, ఆ తర్వాత విలువ సున్నా. ఆపరేటర్ జీతం ఏడాదికి రూ.3,60,000, మెయింటెనెన్స్ రూ.1,10,000. షెడ్డు అద్దెలో రూ.3,30,000 ఈ పనికి కేటాయిస్తామని అకౌంట్స్ విభాగం అంటోంది. లేత్ పెట్టే మూల ఇప్పుడు ఖాళీగానే ఉంది. జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది కాబట్టి లెక్కలోకి తీసుకోవద్దు.

(అ) బ్రేక్-ఈవెన్ పరిమాణం ఎంత? చేసుకోవాలా, కొనాలా?
(ఆ) సరఫరాదారు ధరను రూ.290కి తగ్గిస్తే మీ సలహా ఏమిటి?

జవాబు

(అ) ముందు అద్దె సంగతి తేల్చాలి. షాఫ్టులు చేసినా మానినా యూనిట్ కట్టే అద్దె అంతే. రూ.3,30,000 కాగితం మీద ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు మారుతుందే గానీ, జేబులోంచి కొత్తగా రూపాయి పోదు. అందుకే దాన్ని వదిలేస్తాం. ఆ మూలను ఎవరికైనా అద్దెకిచ్చే వీలుంటే మాత్రం, పోగొట్టుకునే ఆ అద్దెను కలపాల్సిందే.

తరుగుదల: 24,00,000 ÷ 8 = రూ.3,00,000
స్థిర ఖర్చు: 3,00,000 + 3,60,000 + 1,10,000 = రూ.7,70,000
కొంటే ఒక్కోటి రూ.330, చేస్తే చర ఖర్చు రూ.220, తేడా రూ.110
బ్రేక్-ఈవెన్: 7,70,000 ÷ 110 = 7,000 షాఫ్టులు

9,000కి కొనుగోలు ఖర్చు రూ.29,70,000, తయారీ ఖర్చు రూ.27,50,000. చేసుకుంటే రూ.2,20,000 మిగులుతుంది. అద్దెను పొరపాటున కలిపితే బ్రేక్-ఈవెన్ 10,000కి చేరి, నిర్ణయమే తలకిందులవుతుంది. ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. దయచేసి ఈ అంకె వేసేముందు ఒక్క నిమిషం ఆగండి.

(ఆ) తేడా రూ.90కి తగ్గుతుంది. 7,70,000 ÷ 90 = 8,555.6, అంటే 8,556 షాఫ్టులు. 9,000 దగ్గర తయారీయే ఇంకా రూ.40,000 చవక. కానీ గిరాకీ 5 శాతం పడి 8,550 అయితే ఆ ఆదా మొత్తం పోయి, రూ.500 ఎదురు తగులుతుంది. పైగా రూ.24 లక్షలకు వడ్డీని ఈ లెక్కలో వేయలేదు. పంపుల గిరాకీ వానలను బట్టి ఊగుతుంది. ఈ ధరకు నా సలహా కొనమనే, అయితే రూ.290 ధరను రాతపూర్వకంగా రెండేళ్లకు ఖాయం చేసుకున్నాకే.