6. కార్యాచరణ, కాలక్రమం, బడ్జెట్: బంగినపల్లి నేరు అమ్మకాలు, హైదరాబాద్, 2026 సీజన్

6.1 లక్ష్యం

నూజివీడు ప్రాంతపు సభ్య రైతుల తోటల నుంచి హైదరాబాద్‌లోని 12 అపార్ట్‌మెంట్ సముదాయాలకు 5 కిలోల పెట్టెలు 4,800, అంటే 24 టన్నులు. పెట్టె ధర ₹750, డెలివరీతో కలిపి. ఏప్రిల్ 18 నుంచి జూన్ 6 వరకు ప్రతి శనివారం ఒక లోడు, మొత్తం ఎనిమిది లోడ్లు.

ఈ ప్రణాళికలో తేదీలను నిర్ణయించేది కాయే. టెంక ముదరకముందే ప్రకటనలు మొదలుపెడితే ఆర్డర్లు వస్తాయి, వాటి ఒత్తిడికి పచ్చికాయ కోస్తాం, పుల్లటి పండు వెళ్తుంది. మొదటి పెట్టె పుల్లగా ఉన్న ఇంటికి రెండో పెట్టె అమ్మడం దాదాపు అసాధ్యం. అందుకే ఏప్రిల్ 10న కాయ పరీక్ష తేలేదాకా ప్రకటనలకు రూపాయి కూడా విడుదల కాదు.

6.2 సీజన్‌కు ముందు పనులు

| గడువు | పని | బాధ్యుడు |
|---|---|---|
| ఫిబ్రవరి 20 | నిరుటి 640 కుటుంబాల నంబర్ల జాబితా సరిచూసి, సముదాయాల వారీగా విడదీయడం | ఆర్డర్ల క్లర్కు |
| మార్చి 5 | 12 సముదాయాల సంఘాల నుంచి స్టాల్ అనుమతి, గేటు లోపల నీడలో దించే చోటు | హైదరాబాద్ సమన్వయకర్త |
| మార్చి 10 | 5,000 పెట్టెలకు ఆర్డరు, ముద్రణ నమూనా ఖరారు | సీఈవో |
| మార్చి 25 | తోటల్లో కాయ లెక్క, పండు ఈగను పట్టే బుట్టల ఏర్పాటు | తోట పర్యవేక్షకుడు |
| ఏప్రిల్ 3 | పరీక్ష కోత: నాలుగు తోటల నుంచి 25 కిలోల చొప్పున | తోట పర్యవేక్షకుడు |
| ఏప్రిల్ 10 | మాగిన పండు కోసి చూసి, సీజన్ మొదలా వాయిదానా తేల్చడం | సీఈవో |

ప్రతి పనికీ ఒక్కరే జవాబుదారు. సహాయం ఎవరైనా చేయవచ్చు. సోమవారం సమీక్షలో సమాధానం చెప్పాల్సింది మాత్రం పట్టికలో ఉన్నవారే.

పెట్టె ఐదు పొరల అట్టదే కావాలి. మూడు పొరలది ₹7, ₹8 తక్కువకు దొరుకుతుంది గానీ పండు వదిలే తేమకు మెత్తబడి, ఐదు వరుసలు పేర్చాక అడుగు పెట్టె నలుగుతుంది. పక్కలకు గాలి రంధ్రాలు ఉండాలి. పైన లైసెన్సు నంబరు, కోత తేదీ, ఎప్పుడు తినాలో రాసిన స్టిక్కర్. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ముద్ర వాడాలంటే అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. మన దరఖాస్తు ఇంకా తేలలేదు కనుక ఈ ఏడాది ముద్ర వేయం.

6.3 ఏప్రిల్ 10 పరీక్ష

కోసిన కాయ నీళ్ళలో మునగాలి, తేలితే ముదరనట్టే. ముచ్చిక దగ్గర భుజాలు ఉబ్బి ఉండాలి. మాగాక తీపిని కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 16 బ్రిక్స్‌కు తగ్గకూడదు. నాలుగు తోటల్లో మూడు నెగ్గితే ఆ మూడింటితోనే మొదలు. రెండే నెగ్గితే మొదటి లోడు రద్దు: లక్ష్యం 4,500కు తగ్గుతుంది, ప్రకటనలు వారం ఆలస్యంగా మొదలవుతాయి. చివరి లోడు మాత్రం జూన్ 6 దాటదు. మృగశిర కార్తె దగ్గర పడి వానలు మొదలైతే కాయలో పురుగు ఫిర్యాదులు పెరుగుతాయి.

6.4 వారం చక్రం

ఆదివారం రాత్రి 9 గంటలకు ఆర్డర్లు మూత. ఆ లెక్కే సోమవారం కోతకు ఆధారం. పది శాతం అదనంగా కోస్తాం, గ్రేడింగ్‌లో పోయేది అంత ఉంటుంది. చిక్కంతో, సెంటీమీటరు తొడిమ ఉంచి కోయాలి. తొడిమ ఊడితే సొన కారి, మాగాక తొక్కపై నల్లటి చారలు వస్తాయి; రుచి బాగున్నా ఫిర్యాదు ఫోటో వచ్చేస్తుంది. సోమవారం సాయంత్రం మాగబెట్టే గదికి. ఇథిలీన్ వాయువు 100 పీపీఎం దాటకూడదు; కార్బైడ్ నిషిద్ధం. గదిలో మీటరు రీడింగును రోజూ ఫోటో తీసి కొనుగోలుదార్ల గ్రూపులో పెట్టాలి. "కార్బైడ్ వేశారా?" అన్నది ప్రతి స్టాల్‌లో వచ్చే మొదటి ప్రశ్న; దానికి మాటకన్నా ఆ ఫోటో మంచి జవాబు.

శుక్రవారం గ్రేడింగ్, ప్యాకింగ్. పండు దోరగా వెళ్ళాలి; ఇంట్లో రెండు మూడు రోజుల్లో తినడానికి వస్తుంది. రాత్రి లారీ, శనివారం ఉదయం 7 నుంచి 11 లోపు పంపిణీ. పని రోజుల్లో దించితే ఇళ్ళలో మనుషులుండరు, పెట్టెలు సాయంత్రం దాకా గేటు దగ్గర ఎండలో మగ్గుతాయి.

డబ్బు ముందే, యూపీఐతో. డెలివరీ దగ్గర నగదు తీసుకోం.

6.5 లోడ్లు, మైలురాళ్ళు

| శనివారం | పెట్టెలు | మొత్తం | ఆ వారం మార్కెటింగ్ |
|---|---|---|---|
| ఏప్రిల్ 18 | 300 | 300 | పాత కొనుగోలుదార్లకే; ఆరు స్టాళ్ళు (18, 19) |
| ఏప్రిల్ 25 | 500 | 800 | మిగిలిన ఆరు స్టాళ్ళు (25, 26); ప్రకటనలు ₹5,000 |
| మే 2 | 700 | 1,500 | ప్రకటనలు ₹5,000 |
| మే 9 | 800 | 2,300 | ప్రకటనలు ₹8,000 |
| మే 16 | 800 | 3,100 | ప్రకటనలు ₹8,000 |
| మే 23 | 700 | 3,800 | ప్రకటనలు ₹8,000 |
| మే 30 | 600 | 4,400 | ప్రకటనలు ₹6,000 |
| జూన్ 6 | 400 | 4,800 | ప్రకటనలు లేవు |

మే 2 నాటికి మొత్తం 1,100 దాటకపోతే మిగతా వారాల లక్ష్యాన్ని నాలుగో వంతు తగ్గించి, ఆ కాయను విజయవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్‌కు మళ్ళించాలి. ఆ నిర్ణయం సీఈవోది, మే 3 రాత్రి కోత లెక్క ఇచ్చేలోపే. కోశాక ఆలోచిస్తే బేరం కొనేవాడి చేతిలోకి పోతుంది. చివరి లోడుకు మే 31న ప్రతి తోట నుంచి ఇరవై కాయలు కోసి చూడాలి. ఒక్కదాంట్లో పురుగు కనిపించినా ఆ తోటను ఆపేయాలి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మన నంబరు సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. కాబట్టి స్టాల్‌లో పండు ముక్క చేతికిచ్చేటప్పుడే నంబరు సేవ్ చేయించాలి. కరపత్రం పంచి వదిలేస్తే ఆ స్టాల్ ఖర్చు దండగే.

6.6 బడ్జెట్

| పద్దు | లెక్క | ₹ |
|---|---|---|
| పెట్టెపై ముద్రణ, స్టిక్కర్ | 5,000 × ₹6 | 30,000 |
| స్టాల్ రుసుము | 12 × ₹3,000 | 36,000 |
| రుచి చూపే పండ్లు | 12 × 15 కిలోలు × ₹100 | 18,000 |
| ఫోటోలు, చిన్న వీడియోలు | రెండు రోజుల పని | 20,000 |
| ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు | ఆరు వారాలు | 40,000 |
| అపార్ట్‌మెంట్ బ్లాకు ప్రతినిధుల కమిషన్ | 4,800 × ₹15 | 72,000 |
| పాడైనవాటికి బదులు పెట్టెలు | 150 × ₹500 | 75,000 |
| ఆర్డర్ల క్లర్కు | 3 నెలలు × ₹12,000 | 36,000 |
| అత్యవసర నిధి | | 23,000 |
| మొత్తం | | 3,50,000 |

అమ్మకం ₹36 లక్షలు అనుకుంటే ఇది పది శాతానికి కాస్త తక్కువ, పెట్టెకు ₹73. పెట్టె అట్ట ధర, లారీ కిరాయి, గది ఖర్చు ఉత్పత్తి పద్దులో ఉన్నాయి.

అన్నిటికన్నా పెద్ద పద్దు బదులు పెట్టెలదే. దాన్ని తగ్గించమని బోర్డులో అడుగుతారు, తగ్గించకూడదు. డెలివరీ అయిన 48 గంటల్లో ఫోటో పంపితే, మూడు పండ్ల వరకు వచ్చే శనివారం అన్ని పండ్లు, అంతకు మించితే కొత్త పెట్టె. వాదన ఉండదు. అయితే ప్రతి ఫిర్యాదునూ తోట పేరుతో నమోదు చేయాలి: ముచ్చిక కుళ్ళా, సొన మచ్చా, నలుగుడా. ఒకే తోటకు వారంలో ఐదు ఫిర్యాదులొస్తే మరుసటి కోత ఆ తోటలో ఉండదు.

కమిషన్ ప్రతి సోమవారం చెల్లింపు, అకౌంటెంట్ బాధ్యత. అత్యవసర నిధిని సీఈవో, అకౌంటెంట్ ఇద్దరి సంతకంతోనే తీయాలి. గాలివానకు కాయ రాలి లోడు ఆగితే, ముందే కట్టినవారికి అదే రోజు డబ్బు వెనక్కి. యూపీఐ వాపసులకు ఖాతాలో వారం ఆర్డర్ల మొత్తాన్ని లారీ బయల్దేరేదాకా కదపకూడదు. రైతులకు తుది చెల్లింపు జూన్ 13, ఖర్చుల లెక్క బోర్డు ముందుకు జూన్ 20.