“రెండో ప్రపంచ యుద్ధానికి కారణం వర్సెయిల్స్ సంధే.” ఈ అభిప్రాయంతో మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు?

ఈ అభిప్రాయంతో నేను కొంతవరకే ఏకీభవిస్తాను. మొదటి ప్రపంచ యుద్ధానికి ముగింపుగా 1919 జూన్ 28న వర్సెయిల్స్ అద్దాల మహలులో జరిగిన సంతకాలు జర్మనీలో తీరని కసిని మిగిల్చాయన్నది నిజం. కానీ కసికీ యుద్ధానికీ మధ్య ఇరవై ఏళ్లు గడిచాయి. ఆ ఇరవై ఏళ్లలో సంధిలోని కఠిన షరతులు ఒక్కొక్కటిగా సడలిపోతూ వచ్చాయి. సంధి బిగిసి ఉన్నప్పుడు రాని యుద్ధం అది దాదాపు చచ్చిపోయాక వచ్చింది. ఈ వాక్యాన్ని అంగీకరించేవాళ్లు ముందు ఈ చిక్కుముడి విప్పాలి.

అంగీకరించేవాళ్ల వాదన బలమైనదే. జర్మనీ యూరప్‌లోని తన భూభాగంలో సుమారు 13 శాతాన్ని, జనాభాలో పదో వంతును పోగొట్టుకుంది. అల్సేస్-లోరైన్ ఫ్రాన్స్‌కు వెళ్లింది. పోలెండ్‌కు సముద్రతీరం దొరికేలా ఇచ్చిన కారిడార్, తూర్పు ప్రష్యాను మిగతా దేశం నుంచి విడదీసింది. సైన్యం లక్ష మందికి మించకూడదు, విమాన దళం ఉండకూడదు, జలాంతర్గాములు అసలే ఉండకూడదు. వీటన్నిటికన్నా ఎక్కువగా గుచ్చుకున్నది 231వ అధికరణం: యుద్ధంలో జరిగిన నష్టానికి బాధ్యత జర్మనీది, దాని మిత్రులది అన్న మాట. చర్చలకు పిలవకుండా సంధి పత్రాన్ని చేతిలో పెట్టి సంతకం చేయమన్నారు కాబట్టి జర్మన్లు దాన్ని సంధి అనలేదు, ‘డిక్టాట్’ అన్నారు, అంటే తలవంచి ఒప్పుకోవాల్సిన ఆజ్ఞ. ఈ విషయంలో సోషలిస్టులకూ జాతీయవాదులకూ తేడా లేదు. దాన్ని తిట్టని పార్టీ వైమార్ జర్మనీలో, అంటే హిట్లర్‌కు ముందున్న జర్మన్ గణతంత్రంలో, లేదనే చెప్పాలి.

అయితే సంధి అంత క్రూరమైనదా? 1918 మార్చిలో ఇదే జర్మనీ రష్యా మీద రుద్దిన బ్రెస్ట్-లిటోవ్‌స్క్ సంధి ఆ దేశ జనాభాలో దాదాపు మూడో వంతును లాగేసుకుంది. నష్టపరిహారం లెక్క కూడా పైకి కనిపించినట్టు లేదు. 1921లో 13,200 కోట్ల బంగారు మార్కులని ప్రకటించినా, అందులో 8,200 కోట్లు ‘సి’ బాండ్ల రూపంలో ఉన్నాయి. అవి వసూలవుతాయని మిత్రరాజ్యాల నాయకులు కూడా నిజంగా నమ్మలేదు. ఇక్కడ తప్పు మొత్తంలో కన్నా రాజకీయంలో ఉంది. సొంత ఓటర్లను తృప్తిపరచడానికి పెద్ద అంకె వేశారు. ఆ అంకే అవతలి దేశంలో తీవ్రవాదులకు ప్రచార సామగ్రి అయింది.

సంధే సూటిగా యుద్ధానికి దారితీసి ఉంటే, దాని భారం ఎక్కువగా ఉన్నప్పుడు తీవ్రవాదం పెరగాలి, తగ్గినప్పుడు తగ్గాలి. 1923లో అలాగే జరిగినట్టు కనిపిస్తుంది: ఫ్రాన్స్, బెల్జియం సేనలు జర్మనీ పారిశ్రామిక ప్రాంతమైన రూర్‌లోకి వచ్చాయి, మార్కు విలువ కుప్పకూలింది, నవంబరులో హిట్లర్ మ్యూనిక్‌లో కుట్ర చేసి విఫలమయ్యాడు. తర్వాత 1924లో పరిహారం చెల్లింపులను తేలిక చేసిన డాస్ ప్రణాళిక, 1925లో పశ్చిమ సరిహద్దులను ఖాయం చేసిన లొకార్నో ఒప్పందాలు, 1926లో నానాజాతి సమితిలో సభ్యత్వం వచ్చాయి. సంధి అమల్లో ఉండగానే దేశం కుదుటపడింది. 1928 మే ఎన్నికల్లో నాజీలకు వచ్చినవి 2.6 శాతం ఓట్లు, 12 స్థానాలు. అదే 231వ అధికరణం, అదే కారిడార్, అదే లక్ష మంది సైన్యం. అయినా నూటికి ముగ్గురు కూడా వాళ్లకు ఓటెయ్యలేదు.

దృశ్యాన్ని మార్చింది 1929 ఆర్థిక సంక్షోభం. అమెరికా అప్పులు ఆగిపోయాయి. 1932 నాటికి నిరుద్యోగులు 60 లక్షలకు చేరారు. నాజీల ఓట్లు 1930లో 18.3 శాతానికి, 1932 జూలైలో 37.3 శాతానికి ఎగబాకాయి. ఆ జూలైలోనే లోసాన్ సమావేశం నష్టపరిహారానికి దాదాపు చరమగీతం పాడింది. అంటే పరిహారం పోతున్నప్పుడు నాజీలు శిఖరానికి చేరారు. నవంబరులో వాళ్ల ఓట్లు 33.1 శాతానికి తగ్గాయి కూడా. అయినా 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడంటే, అది మాజీ ఛాన్సలర్ పాపెన్, అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చుట్టూ చేరినవాళ్లు తెర వెనక నడిపిన బేరం. అతన్ని గుప్పిట్లో పెట్టుకోవచ్చనుకున్న ఆ పెద్దమనుషుల తప్పుడు లెక్కను సంధి ఖాతాలో రాయడం అన్యాయం.

సంధి నిజమైన లోపం దాని కాఠిన్యంలో కన్నా దాన్ని మోసేవాళ్లు లేకపోవడంలో ఉందని నా అభిప్రాయం. అమెరికా సెనేట్ దాన్ని ఆమోదించలేదు, దాంతో ఫ్రాన్స్‌కు ఇస్తామన్న రక్షణ హామీ కూడా గాలికి పోయింది. సోవియట్ రష్యాను చర్చలకే పిలవలేదు. తూర్పున పాత సామ్రాజ్యాలు కూలిన చోట చిన్న రాజ్యాలు వెలిశాయి. మధ్యలో జర్మనీ మాత్రం జనంలోనూ పరిశ్రమల్లోనూ పెద్ద దేశంగానే మిగిలింది. కాస్త కోలుకుంటే చాలు, చుట్టూ దాన్ని ఒంటరిగా అడ్డుకోగలవాడు లేడు.

ఇంకో సంగతి తరచూ మరుగున పడుతుంది. ఈ సంధి బెర్లిన్‌లో కోపం పుట్టించినట్టే లండన్‌లో అపరాధ భావం పుట్టించింది. 1919 చివర్లోనే బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ దీన్ని దుయ్యబడుతూ పుస్తకం రాశాడు. జర్మనీకి అన్యాయం జరిగిందన్న మాట బ్రిటిష్ విద్యావంతుల్లో బాగా నాటుకుపోయింది. అందుకే 1936 మార్చి 7న సైన్యం ఉండకూడదని సంధి చెప్పిన రైన్‌లాండ్‌లోకి హిట్లర్ సేనలు నడిచినప్పుడు, అతను తన సొంత పెరట్లోకే వెళ్లాడు కదా అన్నారు. అంతకు ముందు ఏడాది బ్రిటన్ స్వయంగా జర్మనీతో నౌకాదళ ఒప్పందం చేసుకుని సంధికి తూట్లు పొడిచింది. బుజ్జగింపు విధానానికి వర్సెయిల్స్ నైతిక సాకు ఇచ్చింది. సంధికి యుద్ధంలో వాటా ఉంటే, ఎక్కువ భాగం ఈ దారిలోనే ఉంది.

ఇక హిట్లర్ కోరికలు సంధిని సవరిస్తే తీరేవా? ఆస్ట్రియా 1871 జర్మన్ సామ్రాజ్యంలో ఎన్నడూ లేదు. చెకొస్లొవేకియాలోని సుడేటన్‌లాండ్ వర్సెయిల్స్‌లో జర్మనీ నుంచి తీసుకున్నది కాదు, అది పూర్వపు ఆస్ట్రియా-హంగేరీ నేల. 1938లో ఆ రెండూ దక్కాక కూడా ఆగలేదు. 1939 మార్చిలో చెకొస్లొవేకియా రాజధాని ప్రేగ్‌లో అడుగుపెట్టాడు. అక్కడ విడిపించాల్సిన జర్మన్లూ పెద్దగా లేరు, సరిదిద్దాల్సిన అధికరణమూ లేదు. బ్రిటన్ ప్రధాని చేంబర్లిన్ సుమారు రెండు వారాల్లో పోలెండ్‌కు హామీ ఇచ్చింది దీని తర్వాతే.

ఆసియా వైపు చూస్తే ఈ అభిప్రాయం మరీ ఇరుకుగా కనిపిస్తుంది. 1937లో చైనా మీద పూర్తి స్థాయి యుద్ధానికి దిగిన జపాన్ వర్సెయిల్స్‌లో విజేతల పక్కన కూర్చున్న దేశం. కసి ఓడినవాళ్ల సొత్తు మాత్రమే కాదు.

చివరి వివాదం జర్మనీ నుంచి విడదీసిన రేవు నగరం డాంజిగ్, కారిడార్ గురించే కదా, అవి వర్సెయిల్స్ సృష్టే కదా అని ఎవరైనా అడగవచ్చు. ఇది గట్టి ప్రశ్నే. కానీ వైమార్ నాయకులు ఎవరూ మింగలేకపోయిన ఆ తూర్పు సరిహద్దును పక్కన పెట్టి, 1934 జనవరిలో పోలెండ్‌తో పదేళ్ల అనాక్రమణ ఒప్పందం చేసుకున్నది హిట్లరే. తనకు వీలైనప్పుడు ఆ గాయాన్ని కప్పాడు, వీలైనప్పుడు రేపాడు. 1939 మే 23న సైన్యాధికారులను కూర్చోబెట్టి అతను చెప్పినది కూడా ఇదే: గొడవ డాంజిగ్ కోసం కాదు, తూర్పున నివాస స్థలాన్ని విస్తరించుకోవడం కోసం. సరిగ్గా మూడు నెలలకు, ఆగస్టు 23న, మాస్కోలో స్టాలిన్‌తో ఒప్పందం కుదిరింది. తొమ్మిది రోజుల తర్వాత జర్మన్ సేనలు పోలెండ్ సరిహద్దు దాటాయి.