ప్రొటెస్టెంట్ నీతి పెట్టుబడి తెచ్చిందా, బడి తెచ్చిందా?

ప్రొటెస్టెంట్ మత నీతి పెట్టుబడిదారీ ఎదుగుదలకు తోడ్పడిందంటూ జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1904-05లో అచ్చువేసిన ప్రసిద్ధ వ్యాసంలో, అడుగున చిన్న అక్షరాల్లో, ఒక పట్టిక ఉంది. జర్మనీ నైరుతి మూలన ఉన్న బాడెన్ రాష్ట్రంలో ఏ మతం పిల్లలు ఎలాంటి హైస్కూళ్లలో చదువుతున్నారో అందులో లెక్క కట్టారు. సైన్సు, ఆధునిక భాషలు ఎక్కువగా నేర్పే రకం బళ్ల వరుసలో ప్రొటెస్టెంట్లు 69 శాతం, కాథలిక్కులు 31, యూదులు 9 అని ఉంటుంది. కూడి చూడండి, 109 వస్తుంది.

ఆ 69 నిజానికి 59 ఉండాలి. అంకెలు వెబర్ సొంతంగా సేకరించినవి కావు, శిష్యుడు మార్టిన్ ఆఫెన్‌బాకర్ చేసిన అధ్యయనం నుంచి తీసుకున్నవి. దాదాపు యాభై ఏళ్లపాటు ఈ వ్యాసం ప్రపంచమంతా చదివారు, పొగిడారు, తిట్టారు. ఈ కూడికను ఎత్తిచూపింది మాత్రం స్వీడన్ ఆర్థిక చరిత్రకారుడు కుర్ట్ సామ్యుయెల్సన్, 1957లో. ఆయన అక్కడితో ఆగలేదు. అలాంటి బళ్లు ఉన్న ఊళ్లలోనే ప్రొటెస్టెంట్ల జనాభా ఎక్కువ, కాబట్టి బడిలోనూ వాళ్లే ఎక్కువ కనబడతారు, ఇందులో మతం గొప్పేముంది అని అడిగాడు.

ఒక కూడిక తప్పుతో వెబర్ వాదం కూలిపోదు. అయినా ఈ పట్టిక దగ్గరే నేను మొదలుపెట్టడానికి కారణం ఉంది. ప్రొటెస్టెంట్ మతానికీ ఆర్థిక ఎదుగుదలకూ లంకె ఉందంటూ వెబర్ చూపిన తొలి సాక్ష్యాల్లో బడి లెక్క ఉంది. ఆయన దాన్ని పక్కకు నెట్టి మనసులోకి, పాపభీతిలోకి, పరలోక చింతలోకి వెళ్లిపోయాడు. లంకె ఉంది, కానీ అది నడిచింది పనిమీద భక్తి గుండా కాదు, అక్షరం గుండా అన్నది నా వాదన. అక్షరం ఒక్కటీ ఎంతదూరం తీసుకెళ్లగలదో కూడా చూడాలి.

ముందు వెబర్ ఏమన్నాడో సరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆయన అననివి ఆయనకు చాలా అంటగట్టారు. డబ్బాశ ప్రొటెస్టెంట్లు కనిపెట్టారని ఆయన అనలేదు. డబ్బాశ ఎప్పుడూ ఉంది, ఎక్కడైనా ఉంది. ప్రొటెస్టెంట్ మతానికి జన్మనిచ్చిన సంస్కరణోద్యమమే పెట్టుబడిదారీ విధానాన్ని పుట్టించిందనే మాట మూర్ఖత్వమని ఆయనే రాశాడు. ఆయన పట్టుకున్నది వేరే వింత: అనుభవించడానికి కాకుండా, సంపాదించడమే ధర్మమన్నట్టు క్రమం తప్పకుండా పనిచేసి, వచ్చింది మళ్లీ వ్యాపారంలోనే పెట్టే మనిషి ఎక్కడినుంచి వచ్చాడు? జవాబు ప్రొటెస్టెంట్ మతగురువు కాల్విన్ సిద్ధాంతంలో దొరికిందన్నాడు. ఎవరికి మోక్షం, ఎవరికి నరకం అన్నది దేవుడు ఎప్పుడో నిర్ణయించేశాడు, పూజలు చేసినా దానాలు చేసినా అది మారదు. మనదగ్గర నుదుటిరాత అంటే చాలాసార్లు చేతులు ముడుచుకోవడానికి సాకు. అక్కడ మాత్రం అదే నమ్మకం భరించలేని టెన్షన్ పెట్టిందట. నేను ఎన్నికైనవాడినా కాదా? తెలుసుకునే దారి లేదు, పాపం ఒప్పుకుంటే క్షమించే ఫాదరూ లేడు. కాబట్టి చేపట్టిన పనిలో ఒళ్లు దాచుకోకుండా, వేళ వృథా చేయకుండా, విలాసం జోలికి పోకుండా బతికితే, ఆ బతుకే ఎన్నికకు గుర్తని నమ్మారు. ఖర్చు లేని కష్టం చివరికి పెట్టుబడిగా పోగుపడింది.

వాదం అందంగా ఉంది, ఒప్పుకోవాల్సిందే. ఇబ్బందల్లా ఇంత సూక్ష్మమైన మనోవేదన లక్షలమంది చేత ఫ్యాక్టరీలు పెట్టించిందని రుజువు చేయడంలో ఉంది. వెబర్ సాక్షులుగా తెచ్చింది ఎక్కువగా బోధకుల రాతలు. వాటిలో ముఖ్యమైన రిచర్డ్ బాక్స్‌టర్ గ్రంథం వెలువడింది 1673లో. అప్పటికి ఆమ్‌స్టర్‌డామ్ యూరప్‌కే షావుకారు. ఇంకో సాక్షి బెంజమిన్ ఫ్రాంక్లిన్. కాలమే డబ్బు అని కుర్ర వర్తకుడికి 1748లో సలహా చెప్పిన ఈ పెద్దమనిషి నరకభయంతో నిద్రపట్టని రకం కాదని ఆయన జీవితం కాస్త చదివినా తెలుస్తుంది. తండ్రి కాల్విన్ మార్గంవాడన్న మాట నిజమే.

భూపటం తీసుకుని చూస్తే చిక్కు పెరుగుతుంది. ఇటలీ నగరాల్లో బ్యాంకులు ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ పుట్టకముందే ఉన్నాయి. మెదీచీ బ్యాంకు మొదలైంది 1397లో. జంట పద్దుల విధానం వివరిస్తూ లూకా పచోలీ పుస్తకం వేసింది 1494లో, ఆయనేమో కాథలిక్ సన్యాసి. ఆగ్స్‌బర్గ్ ధనవంతుడు యాకోబ్ ఫుగ్గర్, బతికున్నంతకాలం సంపాదిస్తూనే ఉంటానన్నవాడు, కాథలిక్కే. ఐదో చార్లెస్‌ను చక్రవర్తిగా ఎన్నిక చేయించడానికి 1519లో అప్పిచ్చింది ఆయనే. యూరప్ ఖండం మీద బ్రిటన్ వెనకాలే యంత్రాల బాట పట్టిన బెల్జియం కాథలిక్ దేశం. అక్కడ బొగ్గుంది, ఇనుముంది. అదే 1560 నుంచి గట్టి కాల్విన్ దేశమైన స్కాట్లాండ్ 1690ల్లో కరువుతో అలమటించింది. ఎదిగిందంటే 1707లో ఇంగ్లండ్‌తో కలిసి, దాని మార్కెట్లు దొరికాక. కాల్విన్ వేదాంతమే ఇంజనైతే నూట యాభై ఏళ్లు ఎందుకు స్టార్ట్ కాలేదు?

డచ్చివాళ్ల సంగతి వెబర్ పక్షానికి బలంగా కనిపిస్తుంది కానీ దగ్గరికెళితే వేరే కథ. 1585లో స్పెయిన్ సైన్యం ఇప్పటి బెల్జియంలోని ఆంట్‌వర్ప్‌ను పట్టుకుంది. ప్రొటెస్టెంట్ వర్తకులు, నేతగాళ్లు, నగల పనివాళ్లు డబ్బు, పరిచయాలు, పనితనం మూటగట్టుకుని ఉత్తరానికి నడిచారు. ఆమ్‌స్టర్‌డామ్ వెలుగులో వాళ్ల వాటా పెద్దది. అంటే డబ్బు చేసుకున్నది మతం మార్చుకున్నవాళ్లే కాదు, అప్పటికే డబ్బు చేసుకోవడం తెలిసి, మతం పేరుతో తరిమివేయబడ్డవాళ్లు కూడా. చరిత్రకారుడు ట్రెవర్-రోపర్ ఈ వలస సంగతినే నొక్కి చెప్పాడు, నాకు అది వేదాంతం కంటే నమ్మదగినదిగా తోస్తుంది.

ఇక అంకెలు. సాషా బెకర్, లుడ్గర్ వోస్‌మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2009లో జర్మనీలో భాగమైన నాటి ప్రష్యా రాజ్యపు 452 జిల్లాలను తీసుకున్నారు, 1871 జనాభా లెక్కల ఆధారంగా. ప్రొటెస్టెంట్ జిల్లాలు సంపన్నంగా ఉన్నాయా? ఉన్నాయి. వెబర్ చూసింది కల కాదు. కానీ సంపన్నులే ప్రొటెస్టెంట్లుగా మారారా, మారినందుకు సంపన్నులయ్యారా? దీన్ని విడదీయడానికి లూథర్ ఊరు విట్టెన్‌బర్గ్ నుంచి దూరం కొలిచారు. ఉద్యమం అక్కడినుంచి చుట్టూ పాకింది కాబట్టి, దగ్గరగా ఉన్న జిల్లా కేవలం దగ్గరగా ఉన్నందుకే ప్రొటెస్టెంట్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆ లెక్కలో ముందుగా బయటపడింది చదువులో తేడా. ఎవరి బైబిలు వాళ్లే చదువుకోవాలని లూథర్ పట్టుబట్టాడు, 1524లో ఊరూరా బడులు పెట్టమని పట్టణ పెద్దలకు లేఖ రాశాడు, ఆడపిల్లలనూ వదలలేదు. ఈ అక్షరాస్యత తేడాను పక్కనబెట్టి చూస్తే, ఆదాయంలో ప్రొటెస్టెంట్లకున్న ఆధిక్యం దాదాపు మాయమైంది. భక్తికోసం నేర్చుకున్న చదువు మూడొందల ఏళ్ల తర్వాత జీతంగా పనికొచ్చిందన్నమాట.

దీనిమీదా పేచీ ఉంది. డావిడే కాంటోని 1300 నుంచి 1900 దాకా 272 జర్మన్ నగరాల జనాభా చూసి, ప్రొటెస్టెంట్ అయినందుకు నగరం పెరిగిన దాఖలా లేదన్నాడు. నాకు ఇవి రెండూ కొట్టుకునేవిగా అనిపించవు. చదివించడం వేరు, చదువుకు గిరాకీ ఉండటం వేరు. లెడ్జరు రాసే గుమాస్తా, డ్రాయింగు చదివే మెకానిక్కు కావాల్సివచ్చింది పంతొమ్మిదో శతాబ్దంలో. అంతవరకు ఆ అక్షరం కీర్తనల పుస్తకం దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

ఎదుటి పక్షానికి దక్కాల్సింది ఇవ్వాలి. స్విట్జర్లాండులో పక్కపక్కనే ఉన్న వో, ఫ్రిబూర్ ప్రాంతాల్లో మొదటిది 1536లో బెర్న్ దండెత్తాక ప్రొటెస్టెంట్ అయింది, రెండోది కాథలిక్‌గా మిగిలింది. నేటి ప్రజాభిప్రాయ సేకరణల్లో సెలవులు పెంచాలన్నా, సంపద పంచాలన్నా ప్రొటెస్టెంట్ వైపు ఊళ్లు తక్కువ మొగ్గు చూపుతాయని 2013లో ఒక అధ్యయనం తేల్చింది. పనిమీద వైఖరి అనేది ఉత్త కట్టుకథ కాదు. అయితే ఎలా ఓటేస్తారన్నది ఒక ప్రశ్న, ఎందుకు ధనవంతులయ్యారన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి మొదటిది జవాబుగా చెల్లదు.

ఈ చర్చకు మన ఒంగోలు కూడా సాక్ష్యం చెబుతుంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమంది మాదిగలకు కూలి ఇప్పించాడు. గంజికోసం మతం మార్చుకున్నారనే మాట పడకూడదని కరువు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చేరినవాళ్లకు పెట్టిన షరతులు మూడు: విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు.

ఆ మూడోదాన్ని వెబర్ పక్కన పెట్టి చూడండి. వెబర్ చెప్పిన ప్రొటెస్టెంట్ పనిలో తలమునకలై మోక్షానికి గుర్తు వెతుక్కున్నవాడు. ఒంగోలు మాదిగకు అదే ప్రొటెస్టెంట్ మతం ఇచ్చింది ఆసామి పిలిచినా నేడు రానని చెప్పే హక్కు. పని ఎక్కువై, ప్రతిఫలం లేక బతికినవాళ్లకు ఇంకా కష్టపడమని చెప్పే నీతి దేనికి? కరణాలు, పెద్ద రైతులు మిషన్‌మీద కస్సుమన్నారంటే అందుకే. మతంతోపాటు బడీ వచ్చింది. చేతిలో పుస్తకం పట్టడానికే అనుమతి లేని ఇళ్లలోంచి టీచర్లు, నర్సులు, ఇంటింటికీ వెళ్లి బైబిలు చెప్పే బైబిల్ స్త్రీలు పుట్టుకొచ్చారు. ప్రష్యాలో చూసిన అక్షరాస్యత గొలుసు ఇక్కడా మొదటి మెట్టువరకు అచ్చంగా అలాగే నడిచింది.

రెండో మెట్టు మాత్రం ఎక్కలేదు. కోస్తాలో పెట్టుబడిదారులుగా ఎదిగింది ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టల కింద భూములున్న కులాలు. వాళ్లెవరూ కాల్విన్ పేరు విని ఉండరు. (ధవళేశ్వరం కట్టిన ఆర్థర్ కాటన్ భక్తిపరుడైన ప్రొటెస్టెంట్, ఆయన భక్తి ఫలం ఎవరి గాదెల్లో పడిందో చూడండి.) వరి మిగులు రైస్ మిల్లు అయింది, మిల్లు పొగాకు కంపెనీ అయింది, అది సినిమా అయింది. హిందూ సమాజపు కట్టుబాట్లలోంచి ఆధునిక పెట్టుబడిదారీ తనంతట తాను పుట్టే వీల్లేదని వెబర్ భారతదేశం మీద రాసిన గ్రంథంలో వాదించాడు. పుట్టకపోయినా, కాలువ నీళ్లు పారిన చోట అందిపుచ్చుకోవడానికి రెండు తరాలు చాలింది. అదే కాలంలో ఆదివారం గుడికెళ్లి, తాగుడు మాని, పిల్లల్ని చదివించి, వెబర్ జాబితాలోని సుగుణాలన్నీ పాటించిన క్రైస్తవ కుటుంబం మిల్లు పెట్టలేదు. మిల్లుకు అప్పు కావాలి, అప్పుకు తాకట్టు కావాలి, తాకట్టుకు పొలం కావాలి. ఆ ఇంటి కొడుకు మిషన్ బడిలో పంతులయ్యాడు, నెలకింత అని జీతం తెచ్చాడు, తన కొడుకును ఇంకో పై చదువు చదివించాడు.