లీనియర్ ఆల్జీబ్రా వర్క్‌షీట్ 4: 3×3 మాత్రికకు ఐగెన్ విలువలు, వెక్టర్లు
చెన్నై తెలుగు విద్యార్థుల ఆదివారం క్లాసు

```
    | 2 1 1 |
A = | 1 2 1 |
    | 1 1 2 |
```

ట్రేస్ 6, ప్రధాన మైనర్ల మొత్తం 3+3+3 = 9, డిటర్మినెంట్ 4. కనుక

λ³ − 6λ² + 9λ − 4 = (λ−1)²(λ−4) = 0

λ = 4, 1, 1.

సరిచూడండి: మొత్తం 6, లబ్ధం 4. రెండూ ట్రేస్, డిటర్మినెంట్‌లతో సరిపోయాయి.

λ = 4: −2x+y+z = 0, x−2y+z = 0. ఒకదాని నుంచి మరొకటి తీసివేస్తే x = y, ఆపై z = x. వెక్టర్ (1, 1, 1). A తో గుణిస్తే (4, 4, 4).

λ = 1: మూడు వరుసలూ ఒకటే, x+y+z = 0. ఇక్కడ చాలామంది ఒక్క వెక్టర్‌తో ఆపేస్తారు. స్వేచ్ఛా చలరాశులు రెండు కాబట్టి స్వతంత్ర వెక్టర్లూ రెండు: (1, −1, 0), (1, 0, −1). గుణిస్తే రెండూ మారవు.

x = y = z = 0 మాత్రమే వస్తే λ తప్పు, లేదా వరుసల లెక్క తప్పు. λ తీసేయకముందే A మీద వరుస ప్రక్రియలు చేయొద్దు, ఐగెన్ విలువలే మారిపోతాయి.

మీ వంతు: కర్ణంలోని 2ల బదులు 5 పెట్టి చేయండి. జవాబు: 7, 4, 4, వెక్టర్లు అవే. ఎందుకో ఒక వాక్యంలో రాయండి.